బ్యాంకు వైర్‌లో ట్యూషన్ ఫీజు: పేరు కలవక డబ్బు తిరిగొచ్చేది ఎక్కడంటే

యూకేలో చదువుతూ, ఇంటి నుంచి నాన్న ఖాతా ద్వారా ప్రతి విడత ఫీజును బ్రాంచ్‌లో వైర్ చేయించే పద్ధతినే మొదటి నుంచీ వాడుతున్నాను. వివరాలు సరిగ్గా పడితే రెండు మూడు పనిదినాల్లో చేరిపోతుంది, రసీదు గట్టిగా ఉంటుంది. ఆ విషయంలో మంచి మార్కులే వేస్తాను. బలహీనత ఒక్కటే: బెనిఫిషియరీ పేరు, అంటే డబ్బు అందుకునే ఖాతాదారు పేరు. తెలిసినవాళ్ల ఫీజులు తిరిగొచ్చినప్పుడు చూస్తే ఎక్కువసార్లు తేడా అక్కడే ఉంది.

ఇప్పుడు చాలా యూనివర్సిటీలు ఫీజును నేరుగా తీసుకోవు. వసూళ్లు చూసే ఒక పేమెంట్ సంస్థకు అప్పగిస్తాయి. పోర్టల్‌లో దేశం, మొత్తం ఎంచుకున్నాక వచ్చే సూచనల పేజీలో ఖాతా ఆ సంస్థ పేరు మీద ఉంటుంది. మనం బ్రాంచ్‌కు తీసుకెళ్లే ఆఫర్ లెటర్, ఇన్‌వాయిస్ మీద మాత్రం యూనివర్సిటీ పేరే ఉంటుంది. విదేశాలకు డబ్బు పంపడానికి బ్యాంకులో ఇచ్చే ఏ2 ఫారం నింపేటప్పుడు ఇంట్లోవాళ్లో, కౌంటర్‌లో ఉన్నవాళ్లో "ఫీజు యూనివర్సిటీకే కదా" అని పేరు మార్చేస్తారు. అలా పేరు యూనివర్సిటీది, ఖాతా నంబరు సంస్థది అవుతుంది. ఇంకొందరు ఆ గడిలో విద్యార్థి పేరు రాస్తారు, అదీ అంతే.

ఐబాన్, అంటే అంతర్జాతీయ ఖాతా నంబరు, సరిగ్గానే ఉంది కదా, మరెందుకు తిరిగొచ్చింది అని చాలామంది అడుగుతారు. యూకే ఐబాన్‌లో 22 అక్షరాలుంటాయి. GB తర్వాత వచ్చే రెండంకెలు నంబరును తప్పుగా కొట్టామేమో పట్టుకోవడానికే. ఆ ఖాతా ఎవరిదో అవి చెప్పవు. డబ్బు అందుకునే బ్యాంకుల్లో కొన్ని నంబరు చూసి జమ చేసేస్తాయి, కొన్ని పేరు కూడా పోల్చి చూస్తాయి. అందుకే ఒకే తప్పుతో పంపినా ఒకరిది చేరుతుంది, ఇంకొకరిది వెనక్కి వస్తుంది. "మా సీనియర్ ఇలాగే పంపాడు, ఏం కాలేదు" అన్న మాట నమ్మదగ్గది కాదు.

నేరుగా యూనివర్సిటీ ఖాతాకే పంపినా, ఖాతా పేరు మనం పిలిచే పేరు కాకపోవచ్చు. ఆక్స్‌ఫర్డ్ చట్టబద్ధమైన పేరు The Chancellor, Masters and Scholars of the University of Oxford. అమెరికాలో మిషిగన్‌ది Regents of the University of Michigan. సూచనల పేజీలో ఏది ఉంటే దాన్నే, అక్షరం వదలకుండా రాయాలి. బ్యాంకుల మధ్య చెల్లింపు సందేశాలు నడిపే స్విఫ్ట్ పాత ఫార్మాట్‌లో పేరుకు లైనుకు 35 అక్షరాలే పడతాయి కాబట్టి పొడుగు పేరు రెండో లైనులోకి రావాలి, మధ్యలో కోసేయకూడదు. & గుర్తును ఆ ఫార్మాట్ తీసుకోదు, AND అని రాయాలి.

డబ్బు కట్ అయిన రోజే స్విఫ్ట్ కాపీ అడిగి తీసుకోండి. అందులో చూడాల్సినవి రెండే:

```
:59:/GB........ (IBAN)
ACCOUNT NAME
:70:PAYMENT REFERENCE, STUDENT NAME
```

59లో పేరు, ఐబాన్ సూచనల పేజీతో కలవాలి. విద్యార్థి పేరు, రిఫరెన్స్ ఉండాల్సింది 70లో. రిఫరెన్స్ లేకపోతే డబ్బు సంస్థకు చేరినా ఎవరిదో తెలియక ఆగిపోతుంది. కొత్త ఫార్మాట్ కాపీలో ఈ నంబర్లు ఉండవు, Creditor అన్న చోట పేరు చూడండి. తప్పు కనబడితే ఆ రోజే బ్రాంచ్‌కు రాతపూర్వకంగా సవరణ అడగాలి. జమ కాకముందే అయితే పేరు సరిచేస్తూ సందేశం పంపగలరు, దానికి ఛార్జీ తీసుకుంటారు.

తిరిగొస్తే నష్టం ఎంతో లెక్క వేసి చూద్దాం. 5,000 పౌండ్లు పంపేటప్పుడు బ్యాంకు అమ్మకపు రేటు 117 అనుకుంటే 5,85,000 రూపాయలు కట్ అవుతాయి. దారిలో 25 పౌండ్లు ఛార్జీగా పోయి, మిగతా 4,975 కొనుగోలు రేటు 113.50కి మారితే ఖాతాలో పడేది 5,64,662. అంటే ఇరవై వేలకు పైగా పోయినట్టే. మళ్లీ పంపడానికి కొత్త ఏ2, కొత్త ఛార్జీ. పంపినప్పుడు బ్యాంకు టీసీఎస్ పన్ను పట్టుకుని ఉంటే అది మన పన్ను వివరాలు చూపే 26ఏఎస్‌లో కనిపిస్తుందో లేదో చూసుకోండి.

డబ్బు రెండు ఖాతాల్లోనూ కనబడని రోజులే అన్నిటికన్నా కష్టం. అప్పుడు బ్రాంచ్‌ను 36 అక్షరాల UETR నంబరు అడగండి. దానితో డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఆగిందో వాళ్లు చూడగలరు. రిటర్న్ కారణం కోడ్ కూడా చెప్పించుకోండి: AC01 అంటే ఖాతా నంబరు తప్పు, BE01 అంటే ఖాతాదారు వివరాలు కలవలేదు. ఏది మార్చాలో తెలియకుండా రెండోసారి పంపొద్దు. ఈలోగా డిపాజిట్ అందక, వీసాకు యూనివర్సిటీ ఇవ్వాల్సిన కాస్ ఆగే ప్రమాదం ఉంటే, స్విఫ్ట్ కాపీ జతచేసి యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసుకు మెయిల్ పెట్టి గడువు అడగండి. ఆఖరి తేదీ దాటాక కాదు, తిరిగొస్తోందని తెలిసిన రోజే.