హగిన్‌లో పనోరమా అంచుల కత్తిరింపు: ఎత్తు దక్కింది, వెడల్పు పోయింది

పనోరమాలు అతకడానికి నేను చాలా ఏళ్లుగా హగిన్‌నే వాడుతున్నాను. అది ఉచితమనీ, ఫోటోల మధ్య పోలిక బిందువులను తానే వెతుక్కుంటుందనీ వాడేవాళ్లందరికీ తెలుసు కాబట్టి ఆ సంగతులు వదిలేస్తున్నాను. ప్రివ్యూ కిటికీలోని Crop ట్యాబ్‌లో Autocrop అనే బటన్ ఒకటి ఉంది. ఈ సమీక్ష దాని గురించే. వంకర అంచుల లోపల పట్టే అతి పెద్ద దీర్ఘచతురస్రాన్ని అది రెప్పపాటులో గీసి పెడుతుంది. ఆ పని బాగా చేస్తుందని నేను చాలామందికి చెప్పాను, ఇప్పుడూ అదే చెబుతాను. కాకపోతే అది ఏ లెక్కన ఆ దీర్ఘచతురస్రాన్ని ఎంచుకుంటుందో తెలియకుండా దాన్ని నమ్మితే, కావలసిన వెడల్పు చెప్పాపెట్టకుండా పోతుంది.

ముందుగా అంచులు ఎందుకు వంగుతాయో చెప్పాలి. వెడల్పైన పనోరమాకు సాధారణంగా Cylindrical ప్రొజెక్షన్ ఎంచుకుంటాం. బల్లపరుపుగా ఉన్న ఫోటోను గొట్టం లోపలి గోడకు పరిస్తే, మధ్యభాగం ఎత్తు అలాగే ఉంటుంది కానీ పక్కలకు పోయేకొద్దీ ఎత్తు తగ్గుతుంది. మధ్య నుంచి ఎంత కోణం పక్కకు జరిగితే ఆ కోణపు కొసైన్ మేరకు ఆ తగ్గుదల ఉంటుంది. అందుకే కెమెరాను ఎంత సమంగా పట్టుకున్నా ప్రతి ఫోటో పై అంచు విల్లులా వంగుతుంది, ఫోటోలన్నీ కలిసేసరికి అంచు వరుస విల్లుల్లా కనిపిస్తుంది. రెండు ఫోటోలు కలిసేచోట ఆ పల్లం చిన్నది, ఎందుకంటే ఒకదాని మూలను పక్క ఫోటో కప్పేస్తుంది. రెండు చివర్లలో కప్పేవాళ్లు లేరు కాబట్టి అక్కడి మూలలు పూర్తిగా కిందికి దిగిపోతాయి.

నా కెమెరా ఫుల్‌ఫ్రేమ్, 24 మెగాపిక్సెళ్లది, దానికి 35 మిల్లీమీటర్ల లెన్స్. కెమెరాను అడ్డంగా పట్టుకుని 35 డిగ్రీలకొకటి చొప్పున ఐదు ఫోటోలు సమంగా తీస్తే, దాదాపు 194 డిగ్రీల దృశ్యం 19,800 పిక్సెళ్ల వెడల్పున వస్తుంది. వెడల్పంతా ఉంచుకోవాలంటే చివరి మూలలకు తలవంచి ఎత్తును 4,000 నుంచి సుమారు 3,560కి తగ్గించుకోవాలి. ఎత్తు 3,800 దాకా కావాలంటే రెండు చివర్లా కలిపి సుమారు 1,840 పిక్సెళ్ల వెడల్పు వదులుకోవాలి. ఈ రెండింటిలో Autocrop మొదటిదాన్నే తీసుకుంటుంది, ఎందుకంటే వెడల్పును ఎత్తుతో గుణిస్తే వచ్చే వైశాల్యం మొదటిదానికే కాస్త ఎక్కువ. ఇంతవరకూ దాని ఎంపికా నా ఎంపికా ఒకటే. ఆ కారణంగానే చాలాకాలం పాటు నేను ఆ బటన్ నొక్కి, ఫలితాన్ని మళ్లీ చూసుకునే అవసరం లేకుండా గడిపాను.

గండికోటలో తీసిన పనోరమాతో ఆ ధీమా సడలింది. కోట వెనుక కొండ అంచున నిలబడితే పెన్నా నది లోయ ఎడమ నుంచి కుడికి పరుచుకుంటుంది. ఆవలి గట్టు ఇంచుమించు కంటి ఎత్తులోనే ఉంటుంది కాబట్టి, ఫ్రేములో సగం పైన ఆకాశమే ఉంటుంది, నదీ రాళ్లూ కింది సగంలో ఉంటాయి. చివరి ఫోటో కుడివైపు కోట గోడది. అక్కడ బండ ఏటవాలుగా ఉండడంతో, ఆ ఒక్క ఫోటో మిగతావాటికంటే సుమారు తొమ్మిది డిగ్రీలు కిందికి వంగి వచ్చింది. అతుకు మాత్రం చక్కగా కుదిరింది. ఆవలి గట్టు తెగకుండా తిన్నగా వచ్చింది, రంగుల్లో తేడా లేదు. పై అంచు మాత్రం నాలుగో ఫోటో ముగిసేచోట ఒక్కసారిగా దాదాపు ఎనిమిది వందల పిక్సెళ్లు కిందికి పడిపోయింది. దాని పైన నల్లటి ఖాళీ మిగిలింది.

Autocrop నొక్కితే ఐదో ఫోటో అదనంగా తెచ్చిన 35 డిగ్రీల మేర మొత్తం ఎగిరిపోయింది. మిగిలింది 16,200 పిక్సెళ్ల వెడల్పు, 3,560 ఎత్తు. కోట గోడ లేదు. ప్రివ్యూలో బొమ్మ కిటికీకి సరిపోయేలా కుదించి కనిపిస్తుంది కాబట్టి ఏదో పోయిందన్న అనుమానమే రాలేదు. మిగిలిన లోయ కూడా నిండుగానే ఉంది. గోడకు పెట్టుకునే ప్రింటు కోసం అంగుళానికి 300 పిక్సెళ్ల చొప్పున కొలత చూసినప్పుడు, 65 అంగుళాలకు పైగా రావలసింది 54 అంగుళాలకు వచ్చి ఆగింది. దాదాపు అడుగు వెడల్పు మాయమైంది.

ఇందులో ప్రోగ్రాము దోషమేమీ లేదు, దాని లెక్క దానికి సరైనదే. వెడల్పంతా ఉంచి కత్తిరిస్తే ఎత్తు సుమారు 2,690 పిక్సెళ్లకు పడిపోతుంది, అప్పుడు మొత్తం వైశాల్యం 5 కోట్ల 30 లక్షల పిక్సెళ్లు. ఐదో ఫోటోను వదిలేస్తే 5 కోట్ల 77 లక్షలు. పెద్దదాన్ని అది ఎంచుకుంది. దీన్నుంచి నేను పట్టుకున్న గుర్తు ఇది: చివరి ఫోటో వల్ల పెరిగే వెడల్పు, మొత్తంలో ఎన్నో వంతో చూసుకోవాలి. ఆ ఫోటో పైకో కిందికో జరగడం వల్ల పోయే ఎత్తు అంతకంటే పెద్ద వంతైతే, Autocrop ఆ ఫోటోను కోసేస్తుంది. నా విషయంలో వెడల్పులో వంతు పద్దెనిమిది శాతం, ఎత్తులో వంతు ఇరవై నాలుగు శాతం. ఆ ఎత్తులో పోయేది వట్టి ఆకాశమా, నది నీళ్లా అన్నది ఆ లెక్కలోకి రాదు.

Move/Drag ట్యాబ్‌లోని Straighten నొక్కితే ఇది సర్దుకుంటుందని చాలామంది అనుకుంటారు. అది దిగంతం వాలినప్పుడు, అల్లాడినప్పుడు పనికొచ్చే బటన్. ఇక్కడ దిగంతం ముందే తిన్నగా ఉంది. తేడా అంతా ఆ ఒక్క ఫోటో ఏ మేర కప్పింది అన్నదానిలోనే ఉంది. దిగంతం తిన్నగా ఉండి అంచు మాత్రమే మెట్టులా పడిందంటే, తిప్పడం వల్ల ఒరిగేదేమీ లేదని అర్థం. అక్కడ కత్తిరింపు ఒక్కటే మార్గం. దిగంతం నిజంగానే వాలి ఉంటే మాత్రం ముందు దాన్ని సరిచేసి ఆ తరువాతే కత్తిరింపుకు రావాలి, ఎందుకంటే తిప్పిన తరువాత అంచులు మారిపోతాయి, పాత దీర్ఘచతురస్రం కొత్త అంచులకు సరిపోదు.

నేను చేసింది దీర్ఘచతురస్రం గీతలను చేత్తో లాగడం. కుడి గీతను ఐదో ఫోటో చివరిదాకా తెచ్చాను. కింది గీతను రెండు చివర్లలో ఖాళీ కనిపించనంత వరకే దించాను, ఎందుకంటే నది కనబడేది కిందనే, అక్కడ ఒక్క పిక్సెల్ కూడా వృథాగా పోగొట్టుకోవాలని లేదు. పై గీత దగ్గర రాజీ పడ్డాను. ఐదో ఫోటో పై అంచు దాకా దించితే ఆకాశం మరీ ఇరుకై, ఆవలి గట్టు చట్రానికి తగులుతున్నట్టు ఉంది. అందుకని గీతను దానికి సుమారు 390 పిక్సెళ్లు పైనే ఆపి, కుడి మూలలో మిగిలిన ఖాళీని అతికిన తరువాత గింప్‌లో పక్కనున్న ఆకాశంతో నింపాను. చివరకు 19,700 పిక్సెళ్ల వెడల్పు, 3,080 ఎత్తు దక్కాయి. అవే కొలతలు కమాండుగా ఇస్తే ఇలా ఉంటుంది. క్రాప్‌లోని నాలుగు అంకెలు వరుసగా ఎడమ, కుడి, పైన, కింద గీతలు:

```
pano_modify --crop=163,19862,1792,4871 -o kota_full.pto kota.pto
```

ఈ కత్తిరింపు ఫోటోలను ముట్టుకోదు, హగిన్ తన పనిని దాచుకునే .pto ఫైలులో నాలుగు అంకెలుగా మాత్రమే ఉంటుంది. అందువల్ల ఒకే పనోరమాకు రెండు కత్తిరింపులు రెండు ఫైళ్లుగా దాచుకుని, రెండూ అతికించి పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. హగిన్‌లో నాకు అన్నిటికంటే నచ్చే గుణం ఇదే. అతికిన బొమ్మను వేరే ఎడిటర్‌లో కోసి ఉంటే, పోయిన గోడ కోసం మొదటినుంచీ మొదలుపెట్టవలసి వచ్చేది.

ఆకాశాన్ని నింపే పని మబ్బు లేని రోజు కాబట్టి కుదిరింది, అయినా అంత సులువేమీ కాదు. ఆకాశం వెలుగు పై నుంచి కిందికీ, సూర్యుడి వైపు నుంచి అవతలి వైపుకీ మారుతుంది. వేరే ఎత్తు నుంచి తెచ్చి అతికిస్తే, పెద్దదిగా చూసినప్పుడు తెలియదు గానీ బొమ్మను చిన్నది చేసి చూస్తే పట్టీలాగా బయటపడుతుంది. అందుకే అదే ఎత్తులోని పక్క ఆకాశాన్నే తెచ్చాను. ఖాళీ కింది మూలలో, రాళ్ల మీద పడి ఉంటే ఆ పనికి పూనుకునేవాణ్ణి కాదు. లేని రాయిని గీయడం నాకు ఇష్టం లేదు. అప్పుడు ఎత్తో వెడల్పో ఒకటి వదిలేయడమే సరి.

అప్పటినుంచి నేను తీసే పద్ధతి కొంత మారింది. కెమెరాను నిలువుగా పట్టుకుంటే అదే లెన్స్‌తో ఎత్తు 6,000 పిక్సెళ్లు వస్తుంది, ఒక్కో ఫోటో ఇరుకు కాబట్టి చివరి మూలల్లో తరుగుదల పదకొండు శాతం నుంచి సుమారు ఐదు శాతానికి దిగుతుంది. అదే తొమ్మిది డిగ్రీల వంపు వచ్చినా ఎత్తులో పోయేది ఐదో వంతు లోపే. ఫోటోల సంఖ్య పెరగడం, అతకడానికి ఎక్కువసేపు పట్టడం దీని ఖర్చు. నా పాత ల్యాప్‌టాప్ మీద ఆ ఆలస్యం బాగానే తెలుస్తుంది. దానితోపాటు, దృశ్యంలో ముఖ్యమైనది ఉన్న చివర దానికి అవతల ఇంకో ఫోటో కూడా తీసి పెట్టుకుంటున్నాను, కత్తిరింపు తినేది ఆ అదనపు ఫోటోనే అయ్యేలా.

Autocrop‌ను ఇప్పటికీ మొదట నొక్కుతాను. ట్రైపాడ్ మీద మట్టం చూసుకుని తీసిన వరుసలకు దాని గీతను మార్చవలసిన అవసరం నాకు రాలేదు. చేత్తో పట్టుకుని, నేల సమంగా లేనిచోట తీసినవాటికి మాత్రం, నొక్కిన వెంటనే Stitcher ట్యాబ్‌లో కాన్వాసు వెడల్పునూ, Left, Right అంకెలనూ పోల్చి చూసుకుంటాను. నేను తీసేవి ఎక్కువగా లోయలూ చెరువులూ, వాటిలో పై ఆకాశానికంటే పక్క విస్తీర్ణానికి విలువ ఎక్కువ, పైగా ప్రింటు వేయించుకునే అలవాటు ఉంది. ఫోన్‌లోనో కంప్యూటర్ తెర మీదనో చూసుకునేవారికి మరీ సన్నటి పట్టీ కంటే అది ఇచ్చే కాస్త ఎత్తైన బొమ్మే బాగుండవచ్చు, వారికి నా ఫిర్యాదు వర్తించకపోవచ్చు.