స్ట్రెయిటా, బాక్సా?

అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఆడే పిక్ 3 అనే మూడంకెల లాటరీలో 1 డాలరు పెట్టి 472 ఎంచుకున్నారనుకోండి. స్ట్రెయిట్ అయితే అంకెలు అదే వరుసలో పడాలి. అవకాశం 1000లో 1, గెలిస్తే టెక్సాస్‌లో 500 డాలర్లు. లెక్కప్రకారం 1000 రావాలి, అంటే సగం అక్కడే పోయింది.

బాక్స్‌లో 274, 724 ఇలా ఏ వరుసలో పడ్డా చాలు. ఆరు వరుసలున్నాయి కాబట్టి అవకాశం ఆరింతలు. బహుమతి 80 డాలర్లే. 500ని ఆరుతో భాగిస్తే 83 పైచిలుకు. ఆ చిల్లర కూడా వదల్లేదు! వెయ్యి టికెట్లకు సగటున స్ట్రెయిట్ 500 తిరిగిస్తే, బాక్స్ 480 ఇస్తుంది.

447 లాంటి నంబరుకు మూడే వరుసలు, అందుకే 160 డాలర్లు. దాని సగటూ 480నే. బాక్స్‌లో తరచూ గెలుస్తాం, అంతే. నష్టం మాత్రం కాస్త ఎక్కువే.