ఫారెక్స్ కార్డు స్టేట్‌మెంట్‌లో ఒకే రోజు రెండు రేట్లు: జాగ్రత్త

యూరప్ ట్రిప్‌కి మల్టీ కరెన్సీ ఫారెక్స్ కార్డు తీసుకునేవాళ్లు, తీసుకున్నవాళ్లు ఇది చదవండి. 2025 జూన్‌లో మేము జ్యూరిక్ వెళ్లాం. కార్డులో యూరోలే వేసుకున్నాం, అక్కడ నడిచేది ఫ్రాంకులు. అలా వేరే కరెన్సీలో గీకితే రేటు మీద మార్కప్ అని అదనపు ఛార్జీ పడుతుందని తెలుసు. నా కార్డుకి పన్నుతో కలిపి 3.5 శాతం. అంతవరకు ఒప్పుకున్నదే.

ఇంటికొచ్చాక స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చున్నాను. ప్రతి లైన్‌లో కట్ అయిన యూరోలని బిల్లులోని ఫ్రాంకులతో భాగిస్తే అసలు రేటు బయటపడుతుంది. హోటల్ 180 ఫ్రాంకులకి 199.34 యూరోలు, అంటే 1.1074. సరుకులు 42 ఫ్రాంకులకి 46.51, మళ్లీ 1.1074. అదే తేదీన రైలు టికెట్లు 95 ఫ్రాంకులకి మాత్రం 108.89 పోయింది. ఆ రేటు 1.1462!

కార్డు మీద ఉన్న వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్ కంపెనీ సైట్‌లో తేదీ వేస్తే ఆ రోజు రేటు కనిపిస్తుంది. అక్కడ బ్యాంకు ఫీజు గడిలో సున్నా పెట్టాలి, లేకపోతే మార్కప్ కలిపి చూపిస్తుంది. ఆ రోజు 1.07 ఉంది. దానికి 3.5 శాతం కలిపితే సరిగ్గా హోటల్ రేటు వస్తుంది. దాని మీద ఇంకోసారి 3.5 శాతం కలిపితే టికెట్ల రేటు. మార్కప్ మీద మార్కప్ వేశారన్నమాట. ఒక్క టికెట్ల మీదే మూడున్నర యూరోల పైన పోయింది. ఇలాంటివి మొత్తం 11 లైన్లు తేలాయి, కలిపి 46 యూరోలు, మన డబ్బుల్లో నాలుగున్నర వేలు.

అయితే తేడా కనిపించిన ప్రతిచోటా మోసం అనుకోవద్దు. రేటు మనం గీకిన రోజుది కాకుండా, లావాదేవీ నెట్‌వర్క్‌లో ప్రాసెస్ అయిన రోజుది పడవచ్చు. హోటల్ వాళ్లు ముందు పట్టి ఉంచే మొత్తం ఒక రేటుకి, చివరి బిల్లు ఇంకో రేటుకి ఉండొచ్చు. అందుకే ప్రాసెస్ తేదీ ఒకటే అయిన లైన్లని మాత్రమే పక్కపక్కన పెట్టి చూడండి. రోజుల మధ్య తేడా మామూలుగా చిన్నదే. ఒకే తేదీలో అచ్చంగా మీ మార్కప్ శాతమంత తేడా వస్తే మాత్రం వదలొద్దు.

షాపులో మిషన్ "రూపాయల్లోనా, ఫ్రాంకుల్లోనా" అని అడిగినప్పుడు రూపాయలు నొక్కినా రేటు ఇలాగే పాడవుతుంది. అది షాపు మిషన్ వేసే రేటు, తర్వాత బ్యాంకు నుంచి రాబట్టుకోవడం కష్టం. నేను అన్నీ ఫ్రాంకుల్లోనే కట్టాను, స్లిప్పుల మీద అలాగే ఉంది. ఆ స్లిప్పులే నన్ను కాపాడాయి.

కస్టమర్ కేర్‌లో రెండుసార్లు "రేట్లు మారుతుంటాయి సార్" అన్నారు. మూడోసారి ఫోన్ చేయలేదు. తేదీ, ఫ్రాంకులు, కట్ అయిన యూరోలు, ఉండాల్సిన యూరోలు నాలుగు కాలమ్‌లుగా రాసి, స్లిప్పుల ఫొటోలతో మెయిల్ పెట్టి ఫిర్యాదు నంబర్ తీసుకున్నాను. 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు పెట్టొచ్చు, ఆ మాట కూడా రాశాను. 19వ రోజున 46 యూరోలూ కార్డులో పడ్డాయి. కారణం మాత్రం ఇప్పటికీ చెప్పలేదు.