"సీవీ ఇంప్రూవ్ చేయండి" అని మాత్రమే రాసి పంపితే ఏమొస్తుంది: చాన్నాళ్ళు వాడాక నా రివ్యూ

డబ్బులు కట్టి సీవీ అప్‌లోడ్ చేస్తే అవతల ఒక మనిషి కూర్చుని తిరగరాసి పంపే ఆన్‌లైన్ సర్వీసు ఒకటి చాన్నాళ్ళుగా వాడతా ఉన్నా. నాదొక్కటే కాదు, మా బామ్మర్దిది, మేనకోడలిది, తిరుపతిలో మా వీధి పిల్లోళ్ళవి కూడా దాంట్లోనే చేయించాం. పేరు రాయట్లేదు, ఇట్లాంటి సర్వీసులన్నీ దాదాపు ఇదే పద్ధతి. అప్‌లోడ్ చేశాక "మీకేం కావాలి" అని ఒక ఖాళీ బాక్సు వస్తుంది, అంతే, వేరే ప్రశ్న ఏదీ ఉండదు. అసలు తిప్పలంతా ఆ బాక్సుతోనే.

మా బామ్మర్ది మెకానికల్ డిప్లొమా చేసి శ్రీసిటీలో ఒక ఆటో పార్టుల ప్లాంటులో ఆరేళ్ళుగా క్వాలిటీలో ఉన్నాడు. బాక్సులో "నా సీవీ ఇంప్రూవ్ చేయండి" అని కొట్టి పంపేశాడు. తిరిగొచ్చింది చూడ్డానికి భలే ఉంది, ఎడమ పక్క నీలం పట్టీ, ఫొటో, స్కిల్స్ పక్కన చుక్కలు. పైన సగం పేజీ చదువే, టెన్త్ పర్సెంటేజీతో సహా, ఉద్యోగం కిందెక్కడో పడింది. అంటే వాళ్ళు వాణ్ణి ఫ్రెషర్ అనుకున్నట్టే. వాడి పాత సీవీలో "రెస్పాన్సిబుల్ ఫర్ క్వాలిటీ చెకింగ్" అని ఉన్న లైను "స్పియర్‌హెడెడ్ క్వాలిటీ ఎక్సలెన్స్" అయి కూర్చుంది. ఇంగ్లీషు పెరిగింది గానీ వాడు రోజూ ఏం చేస్తాడో ముందూ తెలీదు, ఇప్పుడూ తెలీదు. అన్నిటికన్నా నాకు మండింది ఏందంటే, "రిజెక్షన్ 30 శాతం తగ్గించాను" అని ఒక లైను వాళ్ళే కలిపేశారు. ఆ లెక్క ఎట్లా వచ్చింది, ఏ పార్టుకి, ఎప్పటినుంచి ఎప్పటికి అని ఇంటర్వ్యూలో అడిగితే వీడు ఏం చెప్పాలి?

రెండోసారి బాక్సులో మూడు ముక్కలు రాయించా. చెన్నై వైపు ఆటో కాంపొనెంట్ కంపెనీల్లో క్వాలిటీ ఇంజనీర్ పోస్టు కావాలి, ఆరేళ్ళ అనుభవం, షిఫ్టులో నలుగురు ఇన్‌స్పెక్టర్లను చూసుకుంటాడు, అప్లై చేసేది ఇండియాలోనే. ఈసారి అవతల మనిషి ఎదురు ప్రశ్నలు పంపాడు, ఏ పార్టులు, సీఎమ్ఎమ్ అనే కొలతల మిషన్ మీద నువ్వే కొలుస్తావా రిపోర్టు మాత్రం చూస్తావా, ఆటో కంపెనీల క్వాలిటీ ప్రమాణం ఐఏటీఎఫ్ 16949 ఆడిట్‌లో కూర్చున్నావా అని. ఉద్యోగం పేరు తెలిశాకే కదా ఏం అడగాలో తెలిసేది. ఆ చెకింగ్ లైను ఇట్లా మారింది: బ్రేక్ పార్టుల ఇన్-ప్రాసెస్ ఇన్‌స్పెక్షన్, షిఫ్టులో నలుగురు ఇన్‌స్పెక్టర్ల పని చూడ్డం, కస్టమర్ కంప్లైంట్ వస్తే కారణం వెతికి సరిదిద్దే 8డి రిపోర్ట్ తయారీ. ఉద్యోగం పైకొచ్చింది, చదువు కింద రెండు లైన్లు, టెన్త్ మార్కులు ఎగిరిపోయినాయి, నోటీస్ పీరియడ్ చేరింది. నీలం పట్టీ కూడా తీసేశారు. పట్టీలో ఉన్న ఫోన్ నంబరూ స్కిల్సూ సీవీలు చదివే కంపెనీల సాఫ్ట్‌వేర్‌కి ఒక్కోసారి సరిగ్గా అందవు, పీడీఎఫ్ అంతా సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేస్తే మనకే తెలుస్తుంది, వరస కలగాపులగం అయితే ఆ డిజైన్ వద్దు.

దేశం సంగతి మేనకోడలి సీవీతో బయటపడింది. ఆ పిల్ల అమెరికాలో ఎమ్మెస్ అయిపోయి అక్కడే ఉద్యోగాలకి అప్లై చేస్తా ఉంది, దేశం చెప్పలా. వచ్చిందాంట్లో తండ్రి పేరు, పుట్టిన తేదీ, మ్యారిటల్ స్టేటస్, చివర డిక్లరేషన్, సంతకానికి జాగా, అన్నీ మన చిత్తూరు డీటీపీ షాపులో కొట్టించినట్టే. అమెరికాలో ఫొటో, వయసు, పెళ్ళి సంగతులు పెట్టరు, కొత్తగా చేరేవాళ్ళకి మామూలుగా ఒక్క పేజీ. అదే గల్ఫ్‌కి అయితే నేషనాలిటీ, వీసా స్టేటస్, డ్రైవింగ్ లైసెన్సు, ఫొటో చాలామంది పెడతారు. జర్మనీలో ఫొటో తప్పనిసరి కాదు గానీ పెట్టే అలవాటు ఇంకా ఉంది. ఒకచోట తీసెయ్యాల్సింది ఇంకోచోట ఉండాల్సిందే, మరి అవతలోడు దేనికని చేస్తాడు?

ఎక్కువ అనుభవం లేనోళ్ళవి మాత్రం ఏమీ చెప్పకపోయినా పర్లేదనిపించేలా వచ్చాయి, వాళ్ళ డీఫాల్ట్ అచ్చే ఫ్రెషర్‌ది కాబట్టి. అక్కడ కూడా ప్రాజెక్టుల్లో ఏది ముందు పెట్టాలో ఉద్యోగం చెప్తేనే కుదిరింది.

నా రేటింగ్ 5కి 3. స్పెల్లింగు, అలైన్‌మెంటు, తేదీల వరస బాగా చూస్తారు, అడిగితే పని తెలిసినోళ్ళే దొరుకుతారు. ఒకటి కోత ఆ ఖాళీ బాక్సుకి, ఇంకోటి అడక్కుండా కలిపిన నంబర్లకి. ఫ్రీ కరెక్షన్ ఒక్కసారే ఇస్తారు, తర్వాత మళ్ళీ డబ్బులు, కాబట్టి ఆ మూడు ముక్కలూ మొదటిసారే రాయండి, కుదిరితే మీకు కావాల్సిన పోస్టు ప్రకటన ఒకటి కూడా ఆ బాక్సులోనే పేస్ట్ చెయ్యండి.