ఆలస్యపు పుట్టినరోజు మెసేజ్: మూడేళ్లు వాడాక

బెంగళూరు వచ్చాక పుట్టినరోజులు నాకు తరచూ తప్పిపోతున్నాయి. అలాంటప్పుడు పంపే మెసేజ్‌కి మూడేళ్లుగా ఒకే పద్ధతి పాటిస్తున్నాను. ఎన్ని రోజులు ఆలస్యమైందో మొదట్లోనే చెప్పడం, సారీ ఒక్కసారే అనడం, కారణం అసలు రాయకపోవడం. ఈ చివరిది నాకు చాలా ఇష్టం.

చెన్నైలో ఉండే స్నేహితుడికి ఒక ఏడాది ఆలస్యంగా రాస్తూ ఆఫీసులో రిలీజ్ ఉందని, వారం నుంచి నిద్ర లేదని, సారీ అని నాలుగుసార్లు రాశాను. "పర్లేదురా, ముందు ఆరోగ్యం చూసుకో" అన్నాడు. తన పుట్టినరోజుకి వాడే నన్ను ఓదార్చాల్సి వచ్చింది. ఆ మాట నన్ను చాలా రోజులు బాధపెట్టింది.

మరుసటి ఏడాది కూడా వాడి పుట్టినరోజు మంగళవారం దాటిపోయి, శుక్రవారం రాత్రి మారతహళ్ళి ట్రాఫిక్‌లో గుర్తొచ్చింది. ఇంటికెళ్లి ఇలా రాశాను: "మూడు రోజులు ఆలస్యంగా పుట్టినరోజు శుభాకాంక్షలురా. మంగళవారమే చెప్పాల్సింది, సారీ. సంక్రాంతికి మీ పాపకి సైకిల్ నేర్పుతూ వీధంతా పరిగెత్తావు చూడు, అది ఇంకా నా కళ్లముందే ఉంది. మంగళవారం ఏం చేశారు?"

పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది. పాప కేక్ మీద 'నాన్న' అని తనే క్రీమ్‌తో రాసిందట, అందులో ఒక 'న' తక్కువైందట. అంతా ఆ ముచ్చటే. 'పర్లేదు' అన్న మాటే రాలేదు. అప్పటి నుంచి నాకు అదే గుర్తు. జవాబు 'పర్లేదు'తో మొదలైతే సారీ ఎక్కువైనట్టు. ఆ సైకిల్ వాక్యం లేకపోతే మాత్రం ఇంత చిన్న మెసేజ్ పొడిగా ఉంటుంది. ఇంకెవరికీ పంపడానికి వీల్లేని మాట ఒక్కటైనా అందులో ఉండాలి.

ఈ పద్ధతి అందరికీ పనికొస్తుందని మొదట్లో నలుగురికీ చెప్పాను. ఇప్పుడు అలా అనను. గుంటూరులో ఉన్న మా పిన్నికి ఐదు రోజులు ఆలస్యంగా ఇలాగే రాస్తే ఒక దండం బొమ్మ వచ్చింది, అంతే. ఆదివారం ఫోన్ చేశాను. "చదివాను నాన్నా, బాగా రాశావు. నీ గొంతు వింటే ఇంకా బాగుండేది" అంది. మాటల్లో తప్పేమీ లేదు, ఆవిడకి మెసేజే సరిపోలేదు. పెద్దవాళ్లకి ఇప్పుడు ముందు ఫోనే చేస్తున్నాను. అక్కడ కూడా ఆలస్యం మాట ఒక్కసారే.

నేను రాసేది ఎక్కువగా కాలేజీ రోజుల వాళ్లకి. వాళ్లతో చనువుంది కాబట్టి కారణం చెప్పకపోయినా చెల్లుతోంది. ఆఫీసులో పైవాళ్లకి ఎప్పుడూ వాడలేదు.

పిన్ని ఇంకో సంగతి కూడా చెప్పింది. ఇంట్లో తిథి ప్రకారమే చేసుకుంటారట, అది ఏటా వేరే తేదీన వస్తుంది. ఈసారి పంచాంగం చూసి రెండు తేదీలూ ఫోన్లో పెట్టుకున్నాను. తారీఖు దాటిపోయింది, తిథికి ఇంకా పన్నెండు రోజులుంది.