చేత్తో పట్టుకున్న ప్యాకెట్ ఫొటోలో చెయ్యి తీయించుకునేవాళ్లు జాగ్రత్త

గుంటూరు, బెజవాడల్లో ఇంటి దగ్గర కారాలు, పొడులు, పచ్చళ్లు చేసి ఆన్‌లైన్‌లో అమ్ముకునేవాళ్లకి ఈ మాట చెప్పాలని రాస్తున్నాను. చేత్తో పట్టుకుని ఫోన్‌లో తీసిన ఫొటో ఇస్తే చాలు, చెయ్యి తీసేసి తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఒట్టి ప్యాకెట్ ఉండేట్టు చేసిస్తామని చెప్పే షాపులు ఇప్పుడు చాలా వచ్చాయి. బెజవాడలో అలాంటి ఒక షాపుకి మా కారం ప్యాకెట్ల ఫొటోలు ఇచ్చాం. డబ్బు పోతే పోయింది. ఆ ఫొటోలు అలాగే ఎక్కించి ఉంటే, కొనేవాళ్లకి తప్పుడు లేబుల్ చూపించినవాళ్లం అయ్యేవాళ్లం.

మాది వంద గ్రాముల ఎర్ర పౌచ్. పైన జిప్పు ఉంటుంది, లేబుల్ అంతా ముందువైపే. మా మరిది ఎడమ చేత్తో ప్యాకెట్ పట్టుకుని, కుడి చేత్తో ఫోన్ నొక్కి తీశాడు. అరచెయ్యి ప్యాకెట్ వెనక ఉంది. బొటనవేలు ఎడమ అంచు మీదుగా ముందుకొచ్చింది, మిగతా వేళ్ల కొసలు కుడి అంచు మీద కనిపిస్తున్నాయి. ఇంట్లో తీసే ఫొటోలు దాదాపు అందరివీ ఇలాగే ఉంటాయి. వెనకున్న అరచెయ్యి తీసేయడం తేలికే, ప్యాకెట్ అంచు వెంబడి కత్తిరిస్తే అది పోతుంది. తిప్పలంతా ముందుకొచ్చిన వేళ్లతోనే. వాటిని కూడా కత్తిరిస్తే ప్యాకెట్‌కి ఎలక కొరికినట్టు గాట్లు మిగులుతాయి. ఆ గాట్లలో ఏదో ఒకటి నింపాలి. కానీ వేలి కింద ఏముందో ఆ ఫొటోలో ఎక్కడా లేదు, కెమెరా చూడనే లేదు.

షాపువాళ్లు నింపేశారు. ఫోన్‌లో చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మా మేనకోడలు ల్యాప్‌టాప్‌లో పెద్దది చేసి చూసి, "అత్తా, మన లైసెన్సు నెంబరు ఇంత పొడుగుంటదా?" అంది. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నెంబరుకి 14 అంకెలు. ఫొటోలో 16 ఉన్నాయి! బొటనవేలు కప్పింది మొదటి నాలుగు అంకెల్ని. వాటి చోట పక్కనున్న అంకెల్నే మళ్లీ తెచ్చి అతికించారు, అందులో ఒకటి సగం అంకె. కుడివైపు ఇంకా ఘోరం. 'నికర బరువు' అనే మాట బాగానే ఉంది, దాని తర్వాత వంద గ్రాములని ఉండాల్సిన చోట ఎర్రటి మరక తప్ప ఏమీ లేదు. తూకం లేని కారం ప్యాకెట్ అన్నమాట.

ఇది ఎలా జరుగుతుందో తెలిస్తే మీరు ముందే అడగగలరు. ఫొటోషాప్‌లో కంటెంట్ అవేర్ ఫిల్ అని ఒకటుంది. గాటు చుట్టూ ఉన్న రంగు, గీతలు చూసి, అదే ఫొటోలో మరోచోటి నుంచి ముక్కలు తెచ్చి, కంటికి అతుకు తెలియకుండా నింపుతుంది. సాదా రంగు మీద, గడ్డి మీద, గోడ మీద అయితే చక్కగా పనిచేస్తుంది. అక్షరాలు దానికి అక్షరాలు కావు, తెల్ల గీతలు మాత్రమే. అందుకే అంకెలున్న చోట అంకెల్లాంటివే ఏవో తెచ్చి పెడుతుంది.

అంచుల సంగతి కూడా చెప్పాలి. ఎర్ర పౌచ్ మీద వేలి చర్మం రంగు దగ్గరగా ఉంటుంది, పైగా పౌచ్ ఎరుపు వేలి మీద పడి వేలు ఇంకాస్త ఎర్రగా కనిపిస్తుంది. రంగు చూసి దానంతటదే పట్టుకునే సెలెక్షన్‌తో కత్తిరిస్తే ఎక్కడ వేలు ఆగిందో, ఎక్కడ పౌచ్ మొదలైందో దానికి తెలియదు. మా ఫొటోల్లో రెండింట్లో గోటి చివర సన్నగా అలాగే మిగిలింది. ఇంకో దాంట్లో వేలు పోయింది గానీ దాని నీడ పౌచ్ మీదే ఉండిపోయింది, కారం నూనె కారి అట్ట తడిసినట్టు. సీల్ వేసిన అంచుకి మామూలుగా పళ్లు పళ్లుగా కత్తిరింపు ఉంటుంది కదా, వేళ్లున్న చోట మాత్రం అది నున్నగా అయిపోయింది.

అడిగితే షాపతను ఏమన్నాడంటే, "అక్కా, వేలు కింద ఏముందో మాకెట్టా తెలుస్తది? ఏదో ఒకటి పెట్టాలి గదా." అతను చెప్పింది నిజమే. కాకపోతే ఆ మాట డబ్బు తీసుకోకముందు చెప్పాలి. అతను మాకు వేసింది బ్యాక్‌గ్రౌండ్ తీసే రేటు, చేసింది కూడా ఆ పనే. ముందుకొచ్చిన వేళ్లు తీసి ప్యాకెట్‌ని పూర్తి చేయడం వేరే పని, దానికి కూర్చుని చేత్తో చేసే ఓపిక కావాలి. ఆ తేడా చెప్పకుండా ఒకే రేటుకి రెండూ చేస్తామనేవాళ్ల దగ్గరే మోసపోయేది.

తర్వాత మా వీధిలో పెళ్లి ఆల్బమ్‌లు డిజైన్ చేసే కుర్రాడు ఒక ఫొటో సరిచేసి చూపించాడు. ఫొటోషాప్‌లో పెన్ టూల్‌తో కత్తిరించాల్సిన గీత చేత్తో గీసేటప్పుడు వేలి చుట్టూ తిరగలేదు. వేలికి పైన, కింద కనిపిస్తున్న పౌచ్ అంచుని చూసి, వేలు అక్కడ లేనట్టే గీతని నేరుగా లాగేశాడు. ఆకారం అలా ఊహించొచ్చు, అంచు ఎటు పోతుందో కనిపిస్తూనే ఉంది కాబట్టి. అక్షరాలు మాత్రం ఊహించనన్నాడు. పౌచ్ ప్రింటుకి ఇచ్చిన లేబుల్ పీడీఎఫ్ అడిగి తీసుకుని, అందులోంచి ఆ మూల ముక్క మాత్రం ఫొటో మీద విడి పొరలా, అంటే వేరే లేయర్‌గా పెట్టి, పౌచ్ ఉబ్బుకి తగ్గట్టు వార్ప్ చేసి వంచాడు. దాని మీద వెలుగునీడలు పక్కనున్న భాగంతో కలిపాడు. ఒక్క ఫొటోకే గంట దాకా పట్టింది. "ఇంత కష్టం దేనికి ఆంటీ, మళ్లీ తీసుకోండి" అని అతనే అన్నాడు.

మళ్లీ తీశాం. కిటికీ దగ్గర బల్ల మీద తెల్ల చార్టు పరిచి, పౌచ్ వెనక చిన్న డబ్బా పెట్టి, రెండు వైపులా అంటుకునే టేపుతో నిలబెట్టాం. చెయ్యే లేదు కాబట్టి బ్యాక్‌గ్రౌండ్ రేటుకే పని అయిపోయింది. పాత సరుకు అయిపోయి, ప్యాకెట్ చేతిలో లేక, ఉన్న ఫొటోతోనే నెట్టుకురావాల్సి వస్తే మాత్రం లేబుల్ పీడీఎఫ్ దగ్గర పెట్టుకుని వెళ్లండి. వేళ్ల కింది అక్షరాలు ఎక్కడి నుంచి తెస్తారని సూటిగా అడగండి. సాఫ్ట్‌వేరే చూసుకుంటుందంటే ఫొటోలు వెనక్కి తీసుకోండి.

ఫైల్ ఇచ్చేటప్పుడు జేపీజీ ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. లేయర్లున్న పీఎస్‌డీ, అంటే ఫొటోషాప్ ఫైల్ కూడా అడిగితే, తప్పు దొరికినా ఇంకొకరు ఆ ముక్క వరకే సరిచేయగలరు. షాపులోనే వాళ్ల సిస్టమ్‌లో ప్యాకెట్ వెనక తెలుపు తీసి ముదురు ఆకుపచ్చ పెట్టించి చూడండి. తెలుపు మీద కనిపించని తెల్లంచు, మిగిలిపోయిన గోరు అప్పుడు బయటపడతాయి. అసలు ప్యాకెట్ చేత్తో పట్టుకుని, వేళ్లున్న చోట్ల ఒక్కో అక్షరం పోల్చుకోండి.

గాజు సీసాలో పచ్చడి పెట్టి అమ్మేవాళ్లయితే చేత్తో పట్టుకున్న ఫొటో ఎవరికీ ఇవ్వకండి. వెనకున్న వేళ్లు గాజులోంచి, పైన తేలిన నూనెలోంచి వంకరగా కనిపిస్తాయి. సీసా అంచు చుట్టూ ఎంత శుభ్రంగా కత్తిరించినా అవి లోపలే ఉంటాయి. అవి తీయాలంటే సీసాలో సగం మళ్లీ బొమ్మ గీసినట్టే, ఆ కూలీ కంటే కొత్తగా ఫొటో తీయించుకోవడం చవక.