ఘాట్ రోడ్డు ఎక్కే బస్సుకు ఆగ్ మాని వేవ్ ఎందుకు పెట్టాను: చాలాకాలం రెండూ వాడాక

గేములో చిన్న శబ్దాలకు వేవ్ అనే `.wav` ఫైళ్లు వాడాలా, ఆగ్ అనే `.ogg` ఫైళ్లు వాడాలా అని అడిగితే ఫైలు సైజు చూసి జవాబు చెప్పేవాళ్లే ఎక్కువ. రెండింటినీ చాలాకాలంగా పక్కపక్కనే వాడుతున్న నాకు వేవ్ మీద ఇష్టం కలగడానికి కారణం సైజూ కాదు, నాణ్యతా కాదు. శబ్దం ఎక్కడిదాకా మోగి, ఎక్కడికి వెనక్కి వెళ్లి మళ్లీ మొదలవ్వాలో శాంపిల్ అంకెతో సహా చెప్పగలగడమే ఆ కారణం. శాంపిల్ అంటే సెకనుకు వేలసార్లు శబ్దాన్ని కొలిచి రాసే అంకెల్లో ఒకటి. ఈ ఒక్క సౌకర్యం మా గేమును కాపాడింది కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

తిరుపతిలో మేము చేస్తున్నది అలిపిరి నుంచి తిరుమలకు బస్సు నడిపే గేము. గేములు తయారుచేసే గోడో 4లో, ఆండ్రాయిడ్ ఫోన్ల కోసం చేస్తున్నాం. కొండ ఎక్కే దారి, దిగే దారి వేర్వేరు కాబట్టి ఎదురు బండ్లు ఉండవు గాని, మలుపుల దగ్గర ముందూ వెనకా బస్సులు, జీపులు వరుస కడతాయి. ఆ ప్రతి బండికీ ఒక ఇంజన్ శబ్దం ఉంటుంది, అది ఆగకుండా తిరుగుతూనే ఉండాలి, గేరు మారినప్పుడల్లా దాని శ్రుతి పెరగాలి లేదా తగ్గాలి. హారన్, తలుపు వంటి శబ్దాలు ఒకసారి మోగి ఆగిపోతాయి, వాటికి ఏ ఫార్మాటు పెట్టినా చెవికి తేడా తెలియదు. పరీక్ష పెట్టేది ఇంజనే.

మేము తీసుకున్న లెక్క ఇది. ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజన్ ఐడిల్‌లో నిమిషానికి 600 చుట్లు తిరుగుతోంది అనుకుంటే సెకనుకు 10 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో అన్ని సిలిండర్లూ ఒకసారి పేలడానికి రెండు చుట్లు పడతాయి, అంటే 0.2 సెకను. శాంపిల్ రేటు 44100 అయితే ఆ 0.2 సెకనులో 8820 శాంపిళ్లు ఉంటాయి. మళ్లీ మళ్లీ తిరిగే ముక్క, అంటే లూపు, నిడివి ఈ 8820కి గుణిజంగా ఉంటేనే ఇంజన్ లయ తప్పదు, లేకపోతే తిరిగి మొదలైన ప్రతిసారీ ఒక సిలిండరు తడబడినట్లు వినిపిస్తుంది. అయిదు ఆవృత్తాలు తీసుకుంటే సరిగ్గా ఒక సెకను, అంటే 44100 శాంపిళ్లు. ఒక్క ఆవృత్తమే తీసుకుంటే అంకెల ప్రకారం సరిపోతుంది గాని, వినడానికి యంత్రపు మోతలా చదునుగా ఉంటుంది. అసలు ఇంజన్‌లో ఆవృత్తానికీ ఆవృత్తానికీ ఉండే చిన్నచిన్న తేడాలు అయిదు ఆవృత్తాల్లోనే నిలుస్తాయి.

మొదట్లో ఆప్ సైజు తక్కువగా ఉండాలని ఇంజన్ శబ్దాలన్నిటినీ ఆగ్‌లోనే పెట్టాం:

```
ffmpeg -i bus_idle.wav -c:a libvorbis -q:a 1 bus_idle.ogg
```

కంప్యూటరు స్పీకర్లలో అంతా బాగానే వినిపించింది. చిత్తూరులో ఉండే మా చిన్నాన్న కొడుకు తన పాత ఫోనులో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని ఆడి, ఫోన్ చేసి, "అన్నా, బస్సు ఎక్కేటప్పుడు లోపల ఏందో టిక్కుటిక్కుమంటా ఉండాది, గేరు మారిస్తే ఇంకా బిరబిర కొడతా ఉండాది" అన్నాడు. వాడు చెప్పిన రెండో ముక్కలోనే కారణం దొరికింది. కుదించిన శబ్దాన్ని విప్పే పనిని, అంటే డికోడింగును, ఫోను అందుకోలేక శబ్దం తెగుతున్నట్లయితే టిక్కులు క్రమం లేకుండా రావాలి, బండ్లు ఎక్కువైనప్పుడు పెరగాలి. ఇక్కడ బస్సు ఒక్కటే ఉన్నా, శ్రుతిని మార్చే `pitch_scale` 1 దగ్గర సెకనుకు ఒకటి, 2 దగ్గర సెకనుకు రెండు చొప్పున గడియారంలా వస్తున్నాయి. లూపు నిడివి సరిగ్గా ఒక సెకను కాబట్టి అది లూపు చివర, మొదలు కలిసే అతుకు దగ్గర పుట్టే శబ్దమే తప్ప వేరొకటి కాదు.

శబ్దాలను సవరించే ఆడాసిటీలో ఆ ఆగ్ ఫైలును తెరిచి, దాని వెనకే దాని నకలును అతికించి, అతుకు దగ్గర శాంపిళ్లు విడివిడిగా కనిపించేదాకా పెద్దది చేసి చూస్తే విషయం కంటికే కనిపించింది. అసలు వేవ్‌లో చివరి శాంపిల్ నుంచి మొదటి శాంపిల్‌కు తరంగం ఒకే వాలులో సాగిపోతుంది. ఆగ్‌లో అదే చోట నిలువుగా ఒక మెట్టు ఉంది. ఆగ్ లోపల ఉండే వార్బిస్ అనే కుదింపు పద్ధతి శబ్దాన్ని ఒకదానిమీదొకటి కొంత పడేలా ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కను పౌనఃపున్యాలుగా మార్చి, చెవికి అంతగా పట్టనివాటిని తగ్గించి నిలవచేస్తుంది. మామూలుగా ఆ ముక్కలు 256 లేదా 2048 శాంపిళ్లవి. మధ్యలో ఉన్న ముక్కకు రెండు పక్కలా పొరుగు ముక్కలు ఉంటాయి కాబట్టి తేడాలు కలిసిపోతాయి. ఫైలు చివర మళ్లీ ఫైలు మొదటినే కలవాలన్న సంగతి మాత్రం ఎన్‌కోడరుకు తెలియదు. అందుకే రెండు అంచులూ దేనికవి కొద్దిగా మారి, కలిసినప్పుడు పొసగవు. నాణ్యతను పెంచి `-q:a 6` పెడితే మెట్టు చిన్నదైంది గాని పోలేదు.

ఆగ్‌కు న్యాయంగా చెప్పవలసిన మాట ఒకటి ఉంది. ఎంపీ3లో వచ్చినట్లు ముందూ వెనకా అదనపు నిశ్శబ్దం చేరి లూపు మధ్యలో ఖాళీ పడటం ఇందులో జరగదు. చివరి పేజీలో శాంపిళ్ల లెక్క రాసి ఉంటుంది కాబట్టి నిడివి శాంపిల్‌తో సహా సరిగ్గా నిలుస్తుంది. ఇక్కడి ఇబ్బంది తరంగపు ఆకారానిది మాత్రమే. గోడోలో ఆగ్‌కు `loop_offset` అనే అమరిక ఉంది, అది సెకన్లలో ఉంటుంది. లూపును రెండుసార్లు పక్కపక్కన పెట్టి ఎన్‌కోడ్ చేసి, `loop_offset` 1.0 ఇస్తే తిరిగి వచ్చే చోటు ఫైలు నడుమకు వస్తుంది కాబట్టి మొదటి అంచు బాధ తీరుతుంది, చివరి అంచు మాత్రం అలాగే మిగిలిపోతుంది. మాకు టిక్కు మెత్తబడింది, ఇయర్‌ఫోన్లలో ఇంకా దొరుకుతూనే ఉంది.

వేవ్‌కు మారినప్పుడు ఇంజన్ స్టార్టయ్యే అర సెకనును కూడా అదే ఫైలులో ముందు ఉంచి, దాని తర్వాతి ఒక సెకనును లూపుగా పెట్టాం. అర సెకను అంటే 22050 శాంపిళ్లు, దానికి 44100 కలిపితే 66150:

```gdscript
var s: AudioStreamWAV = load("res://sfx/bus_idle.wav")
s.loop_mode = AudioStreamWAV.LOOP_FORWARD
s.loop_begin = 22050
s.loop_end = 66150
```

బస్సు స్టార్టయి, ఆ మోత ఎక్కడా తెగకుండా ఐడిల్‌లోకి జారి, అక్కడే తిరుగుతూ ఉండటం మొదటిసారి విన్నప్పుడు కలిగిన సంతోషం నాకు ఇంకా తగ్గలేదు. స్టార్టింగుకు వేరే ఫైలు, అది ముగిసిందని కనిపెట్టి రెండోదాన్ని మొదలుపెట్టే కోడు, ఆ రెంటి మధ్య పడే చిన్న ఖాళీ, ఇవేవీ ఇక అక్కరలేదు. ఈ అంకెలను ఇంపోర్టు అమరికల్లో కూడా రాయవచ్చు, వేవ్‌లోని `smpl` భాగంలో ఉంటే గోడో దాన్నుంచే చదువుకోగలదు. అయితే అన్ని ఎడిటర్లూ ఆ భాగాన్ని రాయవు కాబట్టి నేను చేత్తోనే ఇస్తాను. ఒక్క జాగ్రత్త కావాలి. ఇవి సెకన్లు కావు, శాంపిళ్లు. రికార్డింగు 48000 రేటులో ఉంటే అర సెకను 24000 అవుతుంది, తర్వాత ఆ ఫైలును 44100కి మారిస్తే ఈ అంకెలనూ మార్చాలి.

డికోడింగు వేగం విషయంలో ఒక బస్సుతో తేడా ఏమీ తెలియదు. మలుపు దగ్గర డజను బండ్లు చేరినప్పుడు తెలుస్తుంది. గోడో ఆగ్‌ను మెమరీలో కుదించిన రూపంలోనే ఉంచి, మోగుతున్నప్పుడు విప్పుతుంది. ఒకే ఫైలు పన్నెండు చోట్ల మోగుతుంటే పన్నెండుసార్లు విడివిడిగా విప్పాలి. శ్రుతి రెట్టింపు చేస్తే అదే సమయంలో రెట్టింపు శబ్దం ఖర్చవుతుంది కాబట్టి విప్పే పనీ రెట్టింపవుతుంది. అంటే ప్రాసెసరుకు ఊపిరాడని సమయంలోనే, బండ్లన్నీ తక్కువ గేరులో గట్టిగా మోగుతూ ఎక్కుతున్న సమయంలోనే, ఈ భారమూ మీద పడుతుంది. పాత ఫోనులో ఈసారి శబ్దం క్రమం లేకుండా తెగుతూ వినిపించింది, బండ్లు తగ్గగానే ఆ బాధ పోయింది. కుదించని వేవ్‌లో విప్పే పనే ఉండదు, శాంపిల్‌ను చదివి కలపడమే.

వేవ్‌ను ఇంతగా మెచ్చుకున్నాను గాని, అదంతా చిన్న నిడివి లూపులకే వర్తిస్తుంది. 66150 శాంపిళ్ల మోనో ఫైలు 16 బిట్లలో 132,300 బైట్లు. నాలుగు వేగాలకు నాలుగు ఫైళ్లు పెట్టినా అర మెగాబైటు దాకానే. అదే శేషాచలం మీద కురిసే వాన శబ్దం ఒక నిమిషం స్టీరియోలో 10,584,000 బైట్లు, అంటే ఒక్క ఇంజన్ ఫైలుకు 80 రెట్లు. ఆగ్‌లో అది సుమారు ఒక మెగాబైటుకు దిగుతుంది, మెమరీలోనూ అంతే ఉంటుంది. వాన ఒక్క చోటే మోగుతుంది, దాని శ్రుతి మారదు, అతుకు నిమిషానికి ఒక్కసారే వస్తుంది, వచ్చినా ఆ హోరులో కలిసిపోతుంది. అందుకే వాన, అడవి గాలి ఇప్పటికీ ఆగ్‌లోనే ఉన్నాయి, మార్చే ఉద్దేశం లేదు. మరోవైపు ఇండికేటర్ టిక్కు వంటి 0.1 సెకను శబ్దం వేవ్‌లో 8,820 బైట్లే. ఆగ్ ఫైలుకు ముందుండే హెడర్లే కొన్ని కిలోబైట్లు తింటాయి కాబట్టి అక్కడ ఆదా పేరుకే.

మెమరీ గురించి నేను చెప్పినది గోడోకు సంబంధించినదని గుర్తుంచుకోవాలి. పైథాన్‌లో గేములు చేసేవారు వాడే పైగేమ్‌లో `pygame.mixer.Sound` ఆగ్‌ను తెరిచేటప్పుడే మొత్తం విప్పి మెమరీలో పెడుతుంది. అక్కడ ఆగ్ వల్ల డిస్కు మీద చోటు మిగులుతుంది తప్ప మెమరీ మిగలదు, మోగేటప్పుడు విప్పే భారమూ ఉండదు. ఎన్‌కోడింగులో అంచులకు వచ్చిన మెట్టు మాత్రం విప్పాక కూడా అక్కడే ఉంటుంది.

మా గేములో బండ్లు ఎక్కువ, ఆడేవాళ్లలో చాలామంది దగ్గర పాత ఫోన్లు, చెవిలో ఇయర్‌ఫోన్లు. ఈ పరిస్థితిలో ఒకటి రెండు సెకన్ల లూపులన్నిటికీ వేవ్‌నే పెడతాను. పజిల్ గేము చేసేవారికి, తిరుగుతూ ఉండే శబ్దం సంగీతం ఒక్కటే అయినవారికి ఈ బాధలేవీ ఎదురుకాకపోవచ్చు, వారికి ఆగ్ ఒక్కటే సరిపోతుంది. గోడోలో వేవ్‌ను ఐఎంఏ ఏడీపీసీఎం రూపంలో కుదించే వీలు కూడా ఉంది. అది మెమరీని బాగా తగ్గిస్తుంది, విప్పడం ఆగ్ కంటే చాలా తేలిక, కాని మా డీజిల్ మోతలో సన్నని బుసను చేర్చింది. గేమంతా వినిపించే శబ్దం కాబట్టి ఇంజన్‌కు దాన్ని వద్దనుకుని, తలుపు, హారన్ వరకు వాడుతున్నాను.